షూ వేసి చూడకుండా ఆన్‌లైన్‌లో కొనడం: వెడల్పు పాదాలవాళ్లకు సమగ్ర మార్గదర్శి

అమలాపురం వైపైనా, పాలకొల్లు, భీమవరం వైపైనా ఆన్‌లైన్‌లో షూ తెప్పించుకున్నవాళ్లని అడిగితే తరచూ వినిపించే మాట ఒకటుంది. "పొడుగు సరిపోయిందండీ, ముందువైపే పట్టేస్తోంది." రెండోసారి ఒక సైజు పెద్దది తెప్పిస్తారు. ఈసారి ముందువైపు పట్టదు గానీ నడుస్తుంటే మడమ లేచిపోతుంది. రెండూ వెనక్కి పోతాయి, లేదా ఒకటి మంచం కింద చేరుతుంది.

దీనికి కారణం సైజు అంకెలోనే ఉంది. యూకే 7, యూకే 8 అనే అంకె షూ పొడవును మాత్రమే చెబుతుంది. వెడల్పు ఎంతో అందులో ఉండదు. చేలగట్ల మీద, చెరువుగట్ల మీద ఉత్త కాళ్లతోనో చెప్పులతోనో పెరిగిన పాదానికి వేళ్లు విచ్చుకుని ముందుభాగం వెడల్పవుతుంది. చిన్నప్పటినుంచీ షూలో బిగించి ఉంచిన పాదం అంత వెడల్పు కాదు. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలు కొలిపించింది. యూరప్, అమెరికా వాళ్ల పాదాలకంటే మన పాదాలు వెడల్పని తేలింది. ఆ కొలతలతోనే మన దేశానికంటూ 'భా' పేరుతో కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. అయితే ఆన్‌లైన్‌లో కనిపించే లిస్టింగులు ఇప్పటికీ ఎక్కువగా యూకే అంకెల మీదే నడుస్తున్నాయి. కాబట్టి ఈ మార్గదర్శి మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: వెడల్పు పాదం ఉన్నవాళ్లు తెర మీద బొమ్మ చూసి సరిపోయే జత ఎలా పట్టుకోవాలి?

ముందు పాదాన్ని కొలవండి: రెండు కొలతలు, రెండు కాళ్లకీ

కావలసినవి ఒక ఎ4 కాగితం, స్కేలు, దర్జీ వాడే టేపు, అట్టపెట్టె లేదా లావుపాటి పుస్తకం, పక్కన ఇంకో మనిషి. సాయంత్రం కొలవండి. రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, పొద్దున్నే కొలిస్తే ఆ మేరకు తక్కువ వస్తుంది. షూతో ఏ సాక్స్ వేసుకుంటారో అవే వేసుకోండి.

కాగితం అంచు గోడకి పూర్తిగా ఆనేలా నేలమీద పరచండి. గోడకీ కాగితానికీ మధ్య సందు ఉంటే ఆ సందంత కొలత తగ్గిపోతుంది. మడమ గోడకి తాకేలా, రెండు కాళ్లమీదా సమానంగా బరువు వేసి నిలబడండి. కూర్చుని కొలవకండి, బరువు పడితేనే పాదం తన అసలు పొడవుకీ వెడల్పుకీ వస్తుంది. మీరే వంగి గీత గీస్తే బరువు ఒక పక్కకి వెళ్లిపోతుంది కాబట్టి గీత పక్కవాళ్లు గీయాలి. పెన్సిలుతో పాదం చుట్టూ గీసి కొలవడం చాలామంది చేసే పని. పెన్సిలు లోపలికి వాలితే కొలత తగ్గుతుంది, బయటికి వాలితే పెరుగుతుంది, తేడా నాలుగైదు మిల్లీమీటర్లు తేలిగ్గా వస్తుంది. అందుకని అందరికంటే ముందున్న వేలికి (కొందరికి అది బొటనవేలు కాదు, పక్కవేలు) పెట్టె అంచు నిటారుగా ఆనించి, అక్కడ గీత పెట్టండి. కాగితం అంచునుంచి గీతదాకా ఉన్నది పాదం పొడవు. మిల్లీమీటరుతో సహా రాసుకోండి.

రెండోది చుట్టుకొలత. బొటనవేలి మొదట్లో బయటికి ఉబ్బే ఎముక, చిటికెనవేలి మొదట్లో ఉబ్బే ఎముక, ఈ రెండింటి మీదుగా టేపును పాదం చుట్టూ తిప్పండి. నిలబడే తిప్పాలి. టేపు చర్మాన్ని తాకాలి గానీ నొక్కకూడదు. ఈ గీత పాదానికి అడ్డంగా కాక కాస్త ఏటవాలుగా ఉంటుంది, అలాగే ఉండాలి.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. పెద్దవాళ్లలో చుట్టుకొలత పాదం పొడవుకి సమానంగానో ఎక్కువగానో ఉంటే మీది వెడల్పు పాదం అనుకోండి. పొడవుకంటే సెంటీమీటరు తక్కువైతే మామూలు షూ చాలావరకు సరిపోతుంది. ఇది పనికొచ్చే అంచనాయే తప్ప కొలత ప్రమాణం కాదు. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవాళ్లకి కూడా చుట్టుకొలత పెరుగుతుంది. అలాంటివాళ్లకి వేళ్ల పక్కన కాక లేసుల దగ్గర పట్టేస్తుంది.

రెండు కాళ్లకీ తేడా ఉండడం మామూలే. పొడవు పెద్దకాలిది తీసుకోండి, చుట్టుకొలత కూడా పెద్దదే.

చార్టులో ఉన్న సెంటీమీటర్లు దేనివో తేల్చుకోండి

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. సైజ్ చార్టులో "సెం.మీ." అని రాసి ఉన్న అంకె రెండు రకాలుగా ఉండొచ్చు. ఒకటి పాదం పొడవు: అంటే ఇంత పాదానికి ఈ సైజు అని. రెండోది షూ లోపలి పొడవు, అంటే లోపల అడుగున పరిచే ఇన్‌సోల్ పొడవు. రెండింటికీ సెంటీమీటరుకి పైగా తేడా. వేళ్ల ముందు షూలో కొంత ఖాళీ ఉండాలి, నడిచేటప్పుడు పాదం ముందుకు జరుగుతుంది కదా. ఆ ఖాళీ నడక షూలో 1 నుంచి 1.2 సెంటీమీటర్లు ఉంటే బాగుంటుంది.

చార్టు పాదం పొడవు చెబుతుంటే ఆ ఖాళీ ముందే కలిపేసి ఉంటుంది. మీ పాదం అంకెను నేరుగా చూసుకోవడమే. ఇది తెలియక చాలామంది పాదం పొడవుకి మళ్లీ ఒక సెంటీమీటరు కలిపి చార్టు చూస్తారు, ఒక సైజు పెద్దది తెప్పించుకుంటారు. చార్టు లోపలి పొడవు చెబుతుంటే మాత్రం ఖాళీని మీరే కలపాలి.

ఏ చార్టు ఏదో పేరులో రాయకపోతే కనిపెట్టే ఉపాయం ఒకటుంది. యూకే సైజులకి పాత ఇంగ్లండు కొలత ఆధారం: ఒక్కో సైజుకి అంగుళంలో మూడోవంతు, అంటే 8.5 మిల్లీమీటర్లకి ఒక వెంట్రుకవాసి తక్కువ. పెద్దవాళ్ల షూకి లెక్క ఇది:

```
UK సైజు = 3 × అచ్చు పొడవు (అంగుళాల్లో) − 25
```

అచ్చు అంటే షూ ఏ మూస మీద కుడతారో అది. దాని పొడవు దాదాపుగా షూ లోపలి పొడవే. ఈ లెక్కన యూకే 6కి 26.2, యూకే 7కి 27.1, యూకే 8కి 27.9 సెంటీమీటర్లు. ఇప్పుడు చార్టులో యూకే 7 ఎదురుగా 27 చుట్టుపక్కల అంకె ఉంటే అది లోపలి పొడవు. 25.5 నుంచి 26 మధ్య ఉంటే పాదం పొడవు. ఆ ఒక్క గడి చూస్తే చాలు.

ఇంకో సంగతి చూడండి. సైజుకీ సైజుకీ మధ్య తేడా 0.8, 0.9 అలా పెరుగుతుంటే ఆ చార్టు లెక్కప్రకారం చేసింది. సరిగ్గా 1 సెంటీమీటరు చొప్పున పెరిగితే అంకెలు సర్దినవి. పెద్ద బ్రాండ్ల చార్టుల్లోనూ ఇలా సర్దినవి ఉంటాయి. వాటిని పట్టుకుని అర సెంటీమీటరు లెక్కలు వేయొద్దు. కొందరు చిన్న విక్రేతలు షూకీ, చెప్పుకీ, శాండల్‌కీ ఒకే చార్టు అతికిస్తారు. ఆ విక్రేత దగ్గర రెండు మూడు రకాలు తెరిచి చూస్తే తెలిసిపోతుంది. అలా ఉంటే ఆ చార్టును నమ్మకండి.

ఏ దేశపు అంకె అన్నదీ ముఖ్యమే. మన దగ్గర 'ఇండియా సైజు' అని రాసేది సాధారణంగా యూకే అంకే. మగవాళ్ల యూఎస్ 8 చాలా బ్రాండ్లలో యూకే 7కి సమానం. ఆడవాళ్ల యూఎస్ అంకె యూకే కంటే ఇంకా ఎక్కువ ఉంటుంది, అదీ బ్రాండుని బట్టి మారుతుంది. ఉత్త "8" అని రాసి ఊరుకున్న లిస్టింగులో సరిచూసుకోవడానికి ఈయూ అంకె బాగా పనికొస్తుంది. అందులో ఒక్కో సైజు 6.7 మిల్లీమీటర్లు, అచ్చు పొడవు సెంటీమీటర్లని ఒకటిన్నరతో గుణిస్తే ఈయూ అంకె. 27.1ని గుణిస్తే 40.7, అంటే యూకే 7కి ఈయూ 41 దగ్గర. చార్టులో యూకే 7 పక్కన ఈయూ 42, 43 కనిపిస్తే ఎక్కడో అంకెలు కలగాపులగమయ్యాయి.

అన్నిటికంటే నమ్మదగింది షూ నాలుక వెనక కుట్టే లేబులు. దానిమీద యూకే, యూఎస్, ఈయూతో పాటు జపాన్ లేదా చైనా అంకె ఉంటుంది. జపాన్ అంకె 26 అని గానీ, చైనా అంకె 260 అని గానీ ఉంటే అది 26 సెంటీమీటర్ల పాదానికి చేసిన షూ అని అర్థం. విక్రేత లేబులు ఫోటో పెట్టకపోయినా కొన్నవాళ్లు రివ్యూలో పెట్టిన ఫోటోల్లో దొరుకుతుంది. కాస్త పెద్దది చేసి చూడండి.

ముందు పట్టేస్తే పెద్ద సైజు మందు కాదు

పెద్ద సైజుకి వెళితే వెడల్పు కూడా పెరుగుతుంది, నిజమే. ఇంగ్లండు పద్ధతిలో ఒక సైజు పెరిగితే చుట్టుకొలత పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లకి పైగా పెరుగుతుంది. ఆ 6 మిల్లీమీటర్ల కోసం పొడవు 8.5 మిల్లీమీటర్లు అదనంగా మోయాలి. వేళ్ల ముందు ఖాళీ దాదాపు రెండు సెంటీమీటర్లకి చేరుతుంది. అప్పుడు మడమ లేస్తుంది, వెనక కాయ కాస్తుంది. ఇంకో నష్టం వెంటనే తెలియదు: షూ వంగేచోటు, మీ వేళ్ల మొదళ్లు వంగేచోటు ఒకదాని మీద ఒకటి ఉండవు. షూ ముందుకి వంగుతుంది, పాదం వెనక వంగుతుంది. సాయంత్రానికి అరికాలు లాగేస్తుంది.

కాబట్టి పొడవును సైజుతో, వెడల్పును రకంతో సరిచేసుకోవాలి. కొన్ని బ్రాండ్లలో ఒకే సైజు రెండు మూడు వెడల్పుల్లో వస్తుంది. యూఎస్ పద్ధతిలో మగవాళ్లకి 'డి' మామూలు, '2ఈ' వెడల్పు, '4ఈ' ఇంకా వెడల్పు. ఆడవాళ్లకి 'బి' మామూలు, 'డి' వెడల్పు. అంటే అదే 'డి' ఆడవాళ్ల షూ మీదుంటే వెడల్పు, మగవాళ్ల షూ మీదుంటే మామూలు. 'వైడ్' అనే మాటతో వెతికితే ఇవి పైకొస్తాయి. అయితే శీర్షికలో వైడ్ అని రాసి, చార్టులోనూ లేబులు మీదా ఆ ఊసే లేకపోతే అది వెతుకులాటలో కనబడాలని పెట్టిన మాట.

వెడల్పు రకం దొరకనప్పుడు బొమ్మలోనే కొన్ని చూడొచ్చు. పైనుంచి తీసిన ఫోటో తెరవండి. ముందుభాగం గుండ్రంగా, చిటికెనవేలి వైపు నిండుగా ఉండాలి. మధ్యలోకి కోసుగా వస్తే మీకు కాదు. పైభాగం అల్లిన గుడ్డ అయితే కొంత సాగుతుంది. చిటికెనవేలి మీదుగా రెగ్జిన్ పట్టీ కుట్టి ఉంటే అక్కడ సాగదు. అసలు తోలు వాడగా వాడగా వెడల్పులో కాస్త సాగుతుంది, పొడవులో సాగదు. రెగ్జిన్ రెండిట్లోనూ సాగదు. ఆఫీసు షూ అయితే లేసుల రెక్కలు రెండూ విడివిడిగా పైకి తెరుచుకునే రకం తీసుకోండి. రెక్కలు ముందుభాగం కింద కుట్టేసిన రకంలో పాదం పైభాగానికి చోటు తక్కువ. ఇన్‌సోల్ బయటికి వచ్చే షూ అయితే ఇంకో వెసులుబాటు. అవసరమైతే దాన్ని తీసి పల్చటిది వేసుకుంటే లోపల చోటు పెరుగుతుంది.

రివ్యూలు: నక్షత్రాలు కాదు, మాటలు

మొత్తం రేటింగు మీ పాదానికి ఏమీ చెప్పదు. రంగు బాగుందనీ, డెలివరీ తొందరగా వచ్చిందనీ ఇచ్చిన ఐదు నక్షత్రాలు అందులో కలిసి ఉంటాయి. వెతుకు గడిలో 'టైట్', 'నారో', 'వైడ్', 'సైజ్' అనే మాటలు ఒక్కొక్కటీ ఇంగ్లీషులో కొట్టి ఆ రివ్యూలే చదవండి. కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోండి, ఎందుకంటే అదే పేరుతో అచ్చు మార్చేసి అమ్మడం మామూలు. రెండు మూడు నక్షత్రాలిచ్చినవాళ్ల మాటలే ఎక్కువ పనికొస్తాయి. వాళ్లు షూని మెచ్చుకుంటూనే ఎక్కడ పట్టిందో చెబుతారు.

చదివేటప్పుడు ఒకటే తేల్చుకోండి: పట్టేసింది పొడవులోనా, వెడల్పులోనా? "గోరు తగులుతోంది", "వేళ్లు ముడుచుకుంటున్నాయి" అంటే పొడవు తక్కువ, పెద్ద సైజు పనిచేస్తుంది. "చిటికెనవేలు నొక్కేస్తోంది", "పక్కల బిగుతు" అంటే వెడల్పు తక్కువ, పెద్ద సైజు పనిచేయదు. "ఒక సైజు పెద్దది తీసుకోండి" అన్న సలహా కింద ఈ రెంటిలో ఏ కారణం ఉందో తెలియకపోతే దాన్ని వదిలేయండి. "కరెక్ట్ సైజు" అన్న రివ్యూ కూడా అంతే, ఆయన పాదం ఎంతో తెలియనప్పుడు ఆయన కరెక్ట్ మీకేం పనికొస్తుంది?

ఒకే లిస్టింగు కింద రెండు మూడు వేర్వేరు షూల రివ్యూలు కలిసిపోతుంటాయి. రివ్యూ పక్కన రంగు, సైజు రాసి ఉంటాయి, మీరు కొనేదానివే లెక్కలోకి తీసుకోండి. ఒకే వారంలో వరసగా పడ్డ, ఒకేలాంటి మాటలున్న పొగడ్తలు పక్కన పెట్టండి. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో చెబుతూ భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది, అయినా జల్లెడ పట్టే పని ఇప్పటికీ మనదే.

మన ప్రాంతం కోసం ఇంకోటి కూడా వెతకండి: 'సోల్' అని. రెండు మూడు నెలలు వాడి, వానలో తిరిగాక సోలు ఊడిందన్న ఫిర్యాదులు వరసగా ఉంటే ఆ జత వర్షాకాలం దాటదు. పాలీయురేథేన్ సోలు తేమకి కాలక్రమేణా పొడిపొడిగా రాలిపోతుంది, వాడకుండా పెట్టెలో ఉన్నా సరే. తగ్గింపులో వచ్చే పాత సరుకుతో ఈ ప్రమాదం ఎక్కువ. డబ్బా మీద తయారీ నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి, వచ్చాక చూడండి. రబ్బరు సోళ్లకీ, ఈవీఏ అనే తేలికపాటి ఫోం సోళ్లకీ ఈ జబ్బు లేదు.

ఒక లెక్క మొదటినుంచి చివరిదాకా

రాజోలు దగ్గర పల్లెలో ఉన్న నాన్నగారికి పొద్దున నడకకి షూ కావాలనుకోండి. కొలిస్తే ఎడమకాలు 25.4, కుడికాలు 25.8. చుట్టుకొలత కుడికాలిది 26.4. లెక్కకి 25.8 తీసుకుంటాం. చుట్టుకొలత పొడవుకంటే ఎక్కువ కాబట్టి వెడల్పు పాదమే.

మొదటి లిస్టింగు చార్టులో యూకే 6కి 24.9, యూకే 7కి 25.7, యూకే 8కి 26.6 ఉంది. యూకే 7 ఎదురుగా 26కి లోపు కాబట్టి ఇది పాదం పొడవు చార్టు. 25.8కి యూకే 7 ఒక మిల్లీమీటరు తక్కువ అనిపిస్తుంది, వెంటనే చెయ్యి యూకే 8 మీదకి పోతుంది. ఆగి లోపలి పొడవుతో చూడండి. యూకే 7 అచ్చు 27.1, అందులోంచి 25.8 తీస్తే 1.3 సెంటీమీటర్ల ఖాళీ. కావలసినంత ఉంది. యూకే 8 అయితే ఖాళీ 2.1, చాలా ఎక్కువ. అంటే పొడవుకి యూకే 7 ఖాయం. రివ్యూల్లో మాత్రం చిటికెనవేలు నొక్కుతోందని నలుగురైదుగురు రాశారు. ఈ షూని ఏ సైజులోనూ కొనక్కర్లేదు.

రెండో లిస్టింగులో వెడల్పు రకం ఉంది. చార్టులో యూకే 7కి 27.0, అంటే లోపలి పొడవు. 25.8 తీసేస్తే 1.2. ఒక రివ్యూ ఫోటోలో లేబులు మీద ఈయూ 41, చైనా అంకె 260 కనిపిస్తున్నాయి, అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి. పక్కల బిగుతు అన్న ఫిర్యాదు లేదు. ఇదే తీసుకోవాలి, యూకే 7లో. నాన్నగారు దుకాణంలో ఎప్పుడూ 8 కొనేవారన్న మాటకి ఇక్కడ విలువ ఇవ్వొద్దు. ఆయన అన్నాళ్లూ వెడల్పు కోసం పొడవు కొన్నారు.

ఆర్డరు పెట్టేముందు రిటర్న్ షరతులు

మూడు మాటలు వేరువేరని గుర్తుపెట్టుకోండి. రిటర్న్ అంటే షూ వెనక్కి, డబ్బు మీకు. ఎక్స్ఛేంజ్ అంటే అదే షూ ఇంకో సైజులో. రీప్లేస్‌మెంట్ అంటే పాడైనదో తప్పుగా వచ్చినదో అయితే దాని బదులు అలాంటిదే ఇంకోటి. వెడల్పు పాదానికి కావలసింది మొదటిది. ముందు పట్టేసే షూని సైజు మార్చుకుంటే వచ్చేది అదే అచ్చు మీద చేసిన ఇంకో జత. ఎక్స్ఛేంజ్ మాత్రమే ఇచ్చే లిస్టింగు ఎంత చవకైనా వదిలేయడం మంచిది.

షరతులు యాప్ మొత్తానికి ఒకటే ఉండవు, విక్రేతని బట్టీ వస్తువుని బట్టీ మారతాయి. పండగ తగ్గింపుల్లో గడువు కుదించడం కూడా ఉంటుంది. ఆ షూ పేజీలోనే గడువు ఎన్ని రోజులో, అది డెలివరీ రోజునుంచి లెక్కో, రిటర్న్‌కి రుసుము ఉందో, ప్లాట్‌ఫాం ఫీజు వెనక్కి వస్తుందో చూసి, ఆ పేజీకి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

తర్వాత పిన్‌కోడ్. డెలివరీ ఇచ్చే ప్రతిచోటికీ వెనక్కి తీసుకోవడానికి మనిషి రాడు. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం లాంటి చోట్ల ఇబ్బంది ఉండదు గానీ లంక గ్రామాలకీ, రేవు దాటి వెళ్లాల్సిన ఊళ్లకీ పికప్ లేదని ఆర్డరు పెట్టాక తెలుస్తుంది. పికప్ లేకపోతే మీరే పార్సిలు చేసి పోస్టులో పంపాలి, ఖర్చు ముందు మీరే పెట్టుకోవాలి. కొన్ని యాప్‌లు దాన్ని తర్వాత ఇస్తాయి, అదీ ఒక పరిమితి వరకే. పికప్ వచ్చే పట్నంలో చుట్టాల ఇల్లో, తెలిసినవాళ్ల కొట్టో ఉంటే చిరునామా అక్కడిది ఇవ్వండి, ఎందుకంటే పికప్ సాధారణంగా డెలివరీ ఇచ్చిన చోటికే వస్తుంది. పైన చెప్పిన నాన్నగారికి అమలాపురంలో మేనల్లుడి ఇల్లు ఉంటే, షూ వచ్చాక ఆదివారం అక్కడికే వెళ్లి వేసుకు చూడడం తేలిక.

రెండు సైజులు కలిపి తెప్పించి ఒకటి వెనక్కి పంపడం కొందరు చేస్తారు. పై లెక్క వేసినా రెండు సైజుల మధ్య ఎటూ తేలనప్పుడే అది చేయండి. ఏ జత ఏ డబ్బాలోదో కలిపేయకుండా చూసుకోవాలి, డబ్బా మీద సైజూ లోపలి సైజూ వేరైతే రిటర్న్ తీసుకోరు. ఊరికే తెప్పించి పంపేస్తూ ఉంటే ఆ ఖాతాకి రిటర్న్ సౌకర్యం తగ్గించే యాప్‌లూ ఉన్నాయి.

వచ్చాక మొదటి పావుగంట

పార్సిలు విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయండి: చిరునామా కాగితం, డబ్బా మీద సైజు, షూ నాలుక లేబులు, రెండు సోళ్లు, అన్నీ కోత లేకుండా ఒకే వీడియోలో. బ్రాండు డబ్బా మీద టేపు అంటించడం, పెన్నుతో రాయడం వద్దు. ట్యాగులు కోయకండి. విడిగా వచ్చిన లేసుల జత, లోపలి కాగితం కూడా దాచండి.

మంచం మీద పరిచే దుప్పటి శుభ్రంగా ఉన్నది ఒకటి నేలమీద పరిచి, దానిమీదే నడవండి. అరుగు మీదా, వాకిట్లోనూ వద్దు. మన నల్లమట్టి సోలు గాళ్లలో ఒక్కసారి దూరితే కడిగినా గీత మిగులుతుంది, పికప్‌కి వచ్చినవాళ్లు చూసేది మొదట సోలే.

సాయంత్రం, సాక్స్‌తో వేసుకోండి. ముందు ఇన్‌సోల్ బయటికి తీసి నేలమీద పెట్టి దానిమీద నిలబడండి. మడమ దాని వెనక అంచుకి ఆనించాలి. వేళ్ల ముందు సెంటీమీటరు ఖాళీ ఉందా? చిటికెనవేలు, బొటనవేలి ఎముక అంచు దాటి బయటికి పోతున్నాయా? ఒకటి రెండు మిల్లీమీటర్లు పోతే గుడ్డ షూలో సర్దుకుంటుంది. అంతకంటే ఎక్కువ పోతే ఆ షూ ఎప్పటికీ నొక్కుతూనే ఉంటుంది, "వాడితే వదులవుతుందిలే" అనుకోకండి. ఈ పరీక్ష షూ వేసుకున్నదానికంటే నిజం ఎక్కువ చెబుతుంది, లోపల ఏముందో కంటితో చూస్తారు కదా.

తర్వాత ఇన్‌సోల్ తిరిగి పెట్టి, లేసులు మొత్తం వదులుచేసి, మడమ వెనక్కి తట్టి లేసు కట్టండి. పది పదిహేను నిమిషాలు ఉంచండి. మునివేళ్ల మీద లేచి చూడండి: షూ వంగే గీత మీ వేళ్ల మొదళ్ల దగ్గరే పడాలి. మడమ కొద్దిగా కదలడం కొత్త షూలో ఉంటుంది, చిటికెనవేలు దూరేంత లేస్తే పొడవు ఎక్కువ. పట్టేసింది పక్కల అయితే ముందువైపు మొదటి లేసు కన్నాలు వదిలేసి, రెండో జత నుంచి లేసు ఎక్కించి చూడండి. కొద్దిపాటి బిగుతుకి అది చాలు. చాలకపోతే గడువు చివరిదాకా ఆలోచించకుండా ఆ రోజే రిటర్న్ పెట్టండి.

వెనక్కి పంపేటప్పుడు, పేచీ వస్తే

కారణం గడిలో నిజంగా ఉన్నదే రాయండి. సైజు చిన్నదైతే "సైజు చిన్నది" అని, పాడైతే పాడైందని. తొందరగా అవుతుందని లేని లోపం రాస్తే ఫోటోలు అడుగుతారు, సరిపోలక తిప్పికొడతారు. పికప్ మనిషికి ఇచ్చేముందు డబ్బాలో షూ, లేబులు, సోలు మళ్లీ వీడియో తీసి, తీసుకున్నట్టు సందేశం వచ్చాకే వదలండి. రాకుండానే "కస్టమర్ అందుబాటులో లేరు" అని నమోదైతే అదే రోజు యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. అలా కొన్నిసార్లు జరిగితే రిటర్న్ దానంతటదే రద్దయిపోతుంది. డెలివరీ అప్పుడు నగదు ఇచ్చి ఉంటే డబ్బు బ్యాంకు ఖాతాకి రావాలని ఎంచుకోండి, లేకపోతే యాప్ వాలెట్‌లోనే ఉండిపోవచ్చు.

చట్టం ఎంతవరకు సాయపడుతుందో తెలిసుండాలి. సైజు నప్పలేదన్నది చట్టం ఇచ్చిన హక్కు కాదు, అది ఆ విక్రేత షరతు మీదే ఆధారపడుతుంది. సరుకు పాడైనా, పేజీలో చెప్పినట్టు లేకపోయినా మాత్రం 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం విక్రేత వెనక్కి తీసుకోనని అనడానికి లేదు. ఇక్కడ మీ కొలతలే సాక్ష్యం. చార్టులో యూకే 7కి లోపలి పొడవు 27.0 అని ఉండి, ఇన్‌సోల్ పక్కన స్కేలు పెట్టి చూస్తే 26.1 ఉంటే, అది "నాకు నప్పలేదు" కాదు, "చెప్పినట్టు లేదు". స్కేలుతో తీసిన ఫోటో, చార్టు స్క్రీన్‌షాట్ రెండూ కలిపి ఫిర్యాదు పెట్టండి.

మొదట ఆ సైటు ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఆ అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైటులో ఉండి తీరాలి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, విక్రేత ఢిల్లీలో ఉన్నా సరే. ఐదు లక్షల లోపు వస్తువుకి రుసుము లేదు.

కస్టమర్ కేర్ నంబరు మాత్రం యాప్ లోపలినుంచే తీసుకోండి. వెతికితే వచ్చే నంబర్లలో మోసగాళ్లవి కలిసి ఉంటాయి. వాళ్లు రిఫండ్ పంపుతామని లింకు ఇచ్చి యూపీఐ పిన్ కొట్టమంటారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.